తడి ఆరని మడికి ఇంకో బస్తా యూరియా వద్దు

మల్బరీ ఆకు పసుపుబారిందంటే మనలో చాలామంది మొదట చేసే పని యూరియా బస్తా విప్పడం. మేమూ అంతే చేసి నష్టపోయాం, అందుకే ఈ మాట రాస్తున్నాం.

మా ఎకరా తోటకు, కొమ్మలు కొట్టినాక, ఒక బస్తా మీద ఇంకొంచెం యూరియా వేసినాం. పది రోజులకు రాత్రి కరెంటు వస్తే మోటారు వేసి పడుకున్నాం. తెల్లారేసరికి పల్లపు సాళ్ళు మడుగు. దాని మీద వాన కూడా పడి మూడు రోజులు నీళ్ళు పోలేదు. వారానికి ఆ సాళ్ళలో కిందాకులు పసుపు తిరిగినాయి. మెరక సాళ్ళు మాత్రం నల్లగా నిగనిగలాడుతున్నాయి. అదే రకం, అదే ఎరువు! అప్పుడైనా ఆలోచించాల్సింది.

యూరియా వేసిన కొద్ది రోజులకే మట్టిలో అమ్మోనియంగా మారుతుంది. అది బంకమట్టికి అతుక్కుంటుంది. తర్వాత నైట్రోసోమోనాస్ అనే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తే, నైట్రోబాక్టర్ నైట్రేట్ చేస్తుంది. వెచ్చని, పదునున్న నేలలో రెండు మూడు వారాల్లో చాలా భాగం నైట్రేట్ అయిపోతుంది. నైట్రేట్ మట్టికి అంటుకోదు, వేరు తాగకపోతే నీళ్ళ వెంట దిగిపోతుంది. నీళ్ళు నిలిచి గాలి ఆడకపోతే ఇంకోరకం బ్యాక్టీరియా పని మొదలుపెడుతుంది. వాటికి ఊపిరికి గాలి లేదు కాబట్టి నైట్రేట్‌లోని ఆక్సిజన్ లాక్కుంటాయి. మిగిలిన నత్రజని గాలిలో కలిసిపోతుంది. వాసన ఉండదు, రంగు ఉండదు, మన డబ్బు ఎప్పుడు పోయిందో తెలియదు.

మేము ఆ తడిలోనే ఇంకో బస్తా చల్లినాం. నేల ఆరినాక ఆకు ఒక్కసారిగా మెత్తగా, నీరెక్కి వచ్చింది. నాలుగో జ్వరం లేచిన పురుగుల్లో పాలరోగం కనిపించింది. అదొక్కటే కారణమని చెప్పం గానీ, ఆ ఆకు మంచిది కాదు.

పసుపు కనిపిస్తే ముందు ఏ ఆకో చూడండి. కింది ముదురాకులు ముందుగా పాలిపోతే నత్రజని కొరత. చిగురాకు పాలిపోయి ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము లోపం కావచ్చు, నల్లరేగడిలో అది మామూలే, యూరియాతో తీరదు. నీళ్ళు నిలిచిన చోట వేరుకు ఊపిరాడకా పసుపవుతుంది. అందుకే ముందు కాలువ తీసి నీళ్ళు పోనివ్వాలి, పదునుకొచ్చినాకే ఎరువు మాట.

ఇంకొకటి. వేరుశనగకు వేరు బుడిపెల్లో రైజోబియం ఉండి గాలి నుంచి నత్రజని పట్టిస్తుంది. మల్బరీకి ఆ బుడిపెలు లేవు. అజటోబాక్టర్ మట్టిలో విడిగా బతికి ఆ పని కొంత చేస్తుంది. మైసూరు పట్టు పరిశోధన సంస్థ చెప్పిన లెక్కలో ఎకరాకు ఏడాదికి 8 కిలోలు, అయిదు పంటలకు పంచి, మాగిన పశువుల ఎరువుతో కలిపి వేయాలి. రసాయన ఎరువుకూ దానికీ వారం ఎడం ఉండాలి. దానికీ గాలి కావాలి, మడుగులో వేస్తే దండగే.

ఈ బ్యాచ్‌కు మేము యూరియాను రెండు దఫాలు చేసి, సాలు తీసి వేసి మట్టి కప్పుతున్నాం. మోటారు వేసి పడుకోవడం మానేసినాం.