పదిహేనా, పదిహేడా? తెలుగు వాయిస్ ఇన్‌పుట్‌కు ఎదురవుతున్న చిక్కు

2017 ఆగస్టులో గూగుల్ తన వాయిస్ టైపింగ్‌లో తెలుగును చేర్చింది. 2022లో మొదలైన కేంద్ర ప్రభుత్వ వేదిక ‘భాషిణి’ ఆ సౌకర్యాన్ని ప్రభుత్వ సేవల్లోకి తీసుకువస్తోంది. ఇలాంటి వ్యవస్థల నాణ్యతను సాధారణంగా వంద మాటలకు ఎన్ని తప్పులు దొర్లాయన్న లెక్కతో కొలుస్తారు. తెలుగులో ఆ లెక్క తప్పుదోవ పట్టించగలదు.

‘పదిహేను వేలు జమ అయ్యాయని చెప్పారు’ అని ఒక రైతు ఫోన్‌లో పలికాడనుకుందాం. వ్యవస్థ ‘అయ్యాయి అని’ అంటూ విడదీసి రాస్తే అర్థం చెడదు. అయినా ఒక మాట మారినట్టు, మరొకటి అదనంగా చేరినట్టు రెండు తప్పులు నమోదవుతాయి. ‘పదిహేడు వేలు’ అని రాస్తే మాత్రం తప్పు ఒక్కటే. రెండు వేల రూపాయల తేడాకు సగం శిక్ష!

ఈ రెండు సంఖ్యలను వేరుచేసేది చివరి హల్లు మాత్రమే. పక్కన ట్రాక్టర్ నడుస్తున్నా, ఫోన్ నోటికి దూరంగా ఉన్నా అంత చిన్న ధ్వని సులువుగా మరుగున పడుతుంది. అప్పుడు వ్యవస్థ తనకు బాగా అలవాటైన మాట వైపు మొగ్గుతుంది.

యాసతో వచ్చే చిక్కు వేరు. అది నిశ్శబ్దంలోనూ తప్పదు. శిక్షణకు వాడిన గొంతులు ఎక్కువగా పత్రికా భాషను చదివినవైతే, తెలంగాణ వాసి పలికిన ‘వచ్చిండు’ కాస్తా ‘వచ్చాడు’గానో, పొంతన లేని మరో మాటగానో మారవచ్చు. ఐఐటీ మద్రాస్‌లోని ‘ఏఐ ఫర్ భారత్’ బృందం చదివిన వాక్యాలకే పరిమితం కాకుండా 22 భాషల్లో సహజ సంభాషణలనూ సేకరించింది. అలాంటి నమూనాలతో యాస లోటు తగ్గవచ్చు. ట్రాక్టర్ మోతలో పోయిన హల్లు మాత్రం వాటితో తిరిగి రాదు. డబ్బు, తేదీల విషయంలో వ్యవస్థ తాను విన్న సంఖ్యను మళ్లీ పలికి, అవునో కాదో అడగడమే దానికి మార్గం.