పలాస నుంచి వచ్చిన ఉత్తరం

సాంకేతిక భాగస్వామి కావాలంటూ మన పత్రికకు వచ్చే ఉత్తరాల్లో చాలావరకు రెండు ముక్కలే ఉంటాయి: మంచి ఆలోచన ఉంది, యాప్ చేసేవాళ్లు కావాలి. పలాసలో చిన్న జీడి పరిశ్రమ నడుపుతున్న కుటుంబం నుంచి ఒక యువకుడు రాసిన ఉత్తరం అలాంటిది కాదు. అందుకే ఈ సంచికలో దాని గురించి రాస్తున్నాం.

ఆలోచన చిన్నది. జీడిపప్పు ధర గుండ్ల లెక్కను బట్టి ఉంటుంది. డబ్ల్యూ 320 రకమంటే ఒక పౌనులో, అంటే 454 గ్రాముల్లో, 300 నుంచి 320 గుండ్లు తూగాలి. ఇప్పుడు ఆ లెక్క చేత్తోనే చూస్తున్నారు. కొన్నవారి లెక్క తేడా వస్తే బేరం తెగదు. పప్పును పళ్లెంలో పరిచి ఫోన్‌తో ఫొటో తీస్తే లెక్క తేలాలన్నది ఇతని కోరిక. 227 గ్రాములకు 155 గుండ్లు వస్తే పౌనుకు 310, సరుకు 320 రకమే. 170 వస్తే పౌనుకు 340, ఆ రకం కాదు.

చిక్కులూ దాచలేదు. ఆనుకున్న రెండు గుండ్లు ఫొటోలో ఒకటిగా కనిపిస్తాయి. బోర్లా పడిన బద్ద గుండులా కనిపిస్తుంది. కాబట్టి అతనికి కావలసింది అందమైన తెరలు గీసేవారు కాదు. ఫొటోలోని వస్తువులను విడదీసి లెక్కించే పని తెలిసి, నెట్ లేని మామూలు ఫోన్‌లో దాన్ని నడిపించగలిగి, నెల రోజులు పప్పు ఏరే ఆడవాళ్ల పక్కన కూర్చోగలవారు. 2006లో రెడ్‌బస్ మొదలుపెట్టిన ఫణీంద్ర సామా, ఆయన మిత్రులు ముందు ట్రావెల్స్ వారి కోసం సాఫ్ట్‌వేర్ రాశారు. వారు వద్దనడంతో టికెట్ల అమ్మకానికి మళ్లారు. ఏది అక్కరకొస్తుందో వాడేవారి దగ్గరకు వెళితేనే తెలుస్తుంది.

వాటా తనకు 60, భాగస్వామికి 40 అని రాశాడు. పరిశ్రమ, సరుకు, కొనుగోలుదారుల పరిచయం అతనివి. మా సలహా ఒక్కటే: ఆ 40 శాతం నాలుగేళ్లలో నెలనెలా జమ కావాలి, మొదటి ఏడాది నిండకముందు వెళ్లిపోతే ఏమీ రాకూడదు. ఏడాదిన్నరకు వెళ్లిపోతే 48 నెలల్లో 18 నెలల వంతు, అంటే 15 శాతం దక్కుతుంది. ఈ షరతు లేకపోతే మూడు నెలలకే మానేసినవారి పేరున 40 శాతం ఉండిపోతుంది, తర్వాత పెట్టుబడి పెట్టేవారు వెనకాడతారు.

విదేశాల్లో ఉద్యోగం చేస్తున్న మన పాఠకులు ముందుగా తమ నియామక ఒప్పందం చదువుకోవాలి. ఖాళీ సమయంలో రాసిన కోడ్ కూడా కంపెనీదేనని కొన్నిటిలో ఉంటుంది. హెచ్1బి వీసా మీద ఉన్నవారు వకీలును అడగకుండా పని మొదలుపెట్టవద్దు.

ఆసక్తి ఉన్నవారు బయోడేటా పంపేముందు అతన్ని ఒక పళ్లెం ఫొటో అడగండి. మీ ప్రోగ్రామ్ చెప్పిన లెక్క రాసి పంపండి. ఆ పళ్లేన్ని వాళ్లమ్మ చేత్తో లెక్కపెట్టి సరిచూస్తుంది.