కోసేసిన ముగింపు: జిల్లా ఎస్పీ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠా తిరుగుతోందంటూ వాట్సాప్‌లో వీడియో వచ్చినప్పుడల్లా మీరు "వదంతులు నమ్మకండి" అంటారు. నిజమో కాదో తేల్చుకునే దారి మాత్రం ఎవరూ చెప్పరు.

2018లో దేశంలో తిరిగిన వీడియోనే తీసుకోండి. బైక్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ని ఎత్తుకుపోతారు. నిజానికి అది కరాచీలో ఒక స్వచ్ఛంద సంస్థ కోసం తీసిన అవగాహన చిత్రం. అసలు చిత్రంలో వాళ్లు వెనక్కొచ్చి, పిల్లాణ్ని దించి, తల్లిదండ్రుల్ని హెచ్చరించే అట్ట పట్టుకుంటారు. ఆ ముగింపును ఎవరో కోసేశారు. ఆ ఏడాది అలాంటి పుకార్లకు అమాయకులు బలయ్యారు.

చూసేవాళ్లు చేయగలిగింది ఇది. వీడియోను రెండు మూడు చోట్ల ఆపి స్క్రీన్‌షాట్ తీయాలి. పైన అతికించిన అక్షరాలను కత్తిరించి, బొమ్మను గూగుల్ లెన్స్‌లో వెతకాలి. అదే దృశ్యం పాత తేదీతోనో, వేరే ఊరి పేరుతోనో, ఇంకా పొడవుగానో దొరికితే గుట్టు రట్టయినట్టే. ఘటన మధ్యలో ఠక్కున ఆగిపోయే వీడియోను ముందే అనుమానించాలి. అయితే దృశ్యాన్ని కుడిఎడమలు తిప్పేస్తే వెతుకులాటకు చిక్కకపోవచ్చు. దొరకనంత మాత్రాన అది నిజమైపోదు.

కాబట్టి ఈసారి ఖండనతోపాటు కోసేసిన వీడియోనూ అసలు వీడియోనూ పక్కపక్కనే పెట్టి, గ్రామసభల్లో చూపించండి. కోసేసిన భాగం కళ్లారా చూసినవాళ్లు కర్ర పట్టుకునే ముందు ఆగుతారు.

ఇట్లు,
ఒక బడిపంతులు