జారిపడ్డది ఎవరి తప్పు?

కొట్లో జారిపడి పరిహారం అడిగిన కొనుగోలుదారుకు "చూసుకుని నడవాల్సింది మీరే" అని యజమాని జవాబిస్తే సరిపోదు. నేల ఎప్పుడు తుడిచారో, నేలమీద ఏదైనా ఒలికిన ఎంతసేపటికి మనిషి పడ్డారో రిజిస్టరు, సీసీ కెమెరా దృశ్యాలతో చూపితేనే ఆ తిరస్కారానికి బలం. 1976లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు తీర్పిచ్చిన టెస్కో సూపర్‌మార్కెట్ కేసులో ఒలికిన పెరుగు మీద ఓ మహిళ జారిపడింది. రోజుకు ఐదారుసార్లు ఊడుస్తామని సంస్థ చెప్పుకుంది. ఆ పెరుగు ఎంతసేపటి నుంచి నేలమీద ఉందో మాత్రం చెప్పలేక, మెజారిటీ తీర్పులో ఓడిపోయింది. ఇది సబబైన తీర్పు, ఎందుకంటే ఆ వివరం తెలిసే అవకాశం కొట్టువాళ్లకే ఉంటుంది. అప్పుడే ఒలికిందని, తుడిచే వ్యవధి కూడా లేదని రుజువైతే మాత్రం యజమాని కాదనడం న్యాయమే. అయితే ఆ రుజువును జవాబుతోపాటే పంపాలి.