ఫీజు రశీదు స్పామ్‌లో పడితే తప్పు ఎక్కడుంది?

కాలేజీ వెబ్‌సైట్ నుంచి వెళ్లే ఫీజు రశీదులు తల్లిదండ్రుల స్పామ్ ఫోల్డర్‌లో పడుతుంటాయి. చాలాచోట్ల మొదట రశీదులో రాసిన మాటలు మారుస్తారు. తప్పు సాధారణంగా అక్కడ ఉండదు, డొమైన్ డీఎన్ఎస్‌లో ఉంటుంది.

మెయిల్‌ను చేరవేసే ఎస్ఎమ్‌టీపీ పద్ధతి 1982 నాటిది. పంపేవారు ఎవరి పేరు రాసుకున్నా అడిగే ఏర్పాటు అందులో లేదు. ఆ లోటు పూడ్చడానికే ఎస్పీఎఫ్, డీకిమ్ వచ్చాయి. ఫలానా సర్వర్లకే మా పేరుతో మెయిల్ పంపే హక్కుందని డొమైన్ యజమాని డీఎన్ఎస్‌లో ప్రకటించడమే ఎస్పీఎఫ్.

ఒక కాలేజీని ఉదాహరణగా తీసుకుందాం. సిబ్బంది మెయిల్ గూగుల్ ద్వారా వెళ్తుంది, రశీదులు సొంత వెబ్ సర్వర్ నుంచి వెళ్తాయి. గూగుల్ కోసం ఒక ఎస్పీఎఫ్ రికార్డు ఎప్పుడో పెట్టారు. తర్వాత వెబ్‌సైట్ చేసినవారు పాతది చూడకుండా రెండోది చేర్చారు. ఒక డొమైన్‌కు ఎస్పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. రెండుంటే ఏదీ చెల్లదు, అంతవరకూ బాగున్న సిబ్బంది మెయిల్‌కూ `spf=permerror` వస్తుంది. రెండింటినీ ఇలా కలపాలి:

```
v=spf1 include:_spf.google.com ip4:203.0.113.25 ~all
```

ఇంతతో పని అయిపోదు. ఉత్తరం కవరు మీది చిరునామా ఒకటి, లోపల రాసిన పేరు మరొకటి అయినట్టు, మెయిల్‌కూ రెండు చిరునామాలుంటాయి. ఎస్పీఎఫ్ చూసేది కవరునే. చాలా వెబ్ సర్వర్లు కవరు మీద హోస్టింగ్ కంపెనీ పేరే వేస్తాయి. అప్పుడు ఎస్పీఎఫ్ పాసైనా అది ఆ కంపెనీ ఖాతాలోకే పోతుంది. పైగా తండ్రి తన పాత మెయిల్‌ను మరో ఖాతాకు ఫార్వర్డ్ పెట్టుకుంటే, మధ్యలో కొత్త సర్వర్ వచ్చి ఎస్పీఎఫ్ తరచూ విఫలమవుతుంది.

అందుకే నా దృష్టిలో అసలు భారం మోసేది డీకిమ్. పంపే సర్వర్ తన దగ్గరున్న రహస్య కీతో మెయిల్‌పై డిజిటల్ సంతకం చేస్తుంది. సరిచూసే కీ డీఎన్ఎస్‌లో ఉంటుంది. దారిలో ఎన్ని సర్వర్లు మారినా, మెయిల్‌లో మార్పు జరగనంతవరకు సంతకం నిలుస్తుంది. అయితే సంతకం హోస్టింగ్ వారిది కాక కాలేజీ డొమైన్‌దే కావాలి. పాఠకుడికి కనిపించే పేరుతో ఎస్పీఎఫ్, డీకిమ్‌లలో ఒక్కటైనా కలిసిందా అని చూసేది డీమార్క్. దాన్ని మొదట `p=none`తో పెట్టి, వచ్చే నివేదికలు చదివాకే కఠినం చేయాలి. తొందరపడితే సొంత రశీదులే తిరస్కరణకు గురవుతాయి.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ తన వినియోగదారులకు మెయిల్ పంపే ప్రతి ఒక్కరికీ ఎస్పీఎఫ్ లేదా డీకిమ్ ఉండాలంటోంది. రోజుకు 5,000కు పైగా పంపేవారికి ఆ రెండూ, డీమార్క్ కూడా కావాలి. ఇవన్నీ ఉన్నా ఇన్‌బాక్స్‌లో చోటు ఖాయం కాదు. జనం స్పామ్ అని నొక్కుతూ పోతే ఏ రికార్డూ కాపాడదు.

డెవలపర్‌కు ఫిర్యాదు చేసే ముందు ఒక రశీదును మీ జీమెయిల్‌కే పంపుకోండి. మూడు చుక్కల మెనూలో `Show original` నొక్కి, డీకిమ్ పక్కన `PASS` ఉందో లేదో, ఆ పక్కన ఉన్నది మీ డొమైన్ పేరో కాదో చూడండి.