గ్రూపులో పెట్టాం కదా అంటే సరిపోదు

మా ఊరి బడుల్లో ఈ మాట వినని తల్లి ఉండదేమో: "మెసేజ్ గ్రూపులో పెట్టాం కదండీ, మీరే చూసుకోవాలి." తుపాను హెచ్చరిక వచ్చి పదకొండింటికి బడి మూసేస్తారు. పన్నెండింటికి పిల్లలు గేటు దగ్గర తడుస్తూ నిలబడతారు. అడిగితే ఈ జవాబు. గ్రూపులో పెట్టడం చెప్పడం కాదు, గోడకి అంటించడం. రెండు టిక్కులు పడితే మెసేజ్ ఫోనుకి చేరిందని అర్థం, మనిషికి చేరిందని కాదు. పైగా ఆ గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ మాట్లాడకూడదు. "నాకు అందింది" అని అక్కడ రాసే దారి కూడా లేదు.

దీనికి మందు పాతదే. ఫోన్ చెట్టు. ఒకరు నలుగురికి, ఆ నలుగురూ మరి కొందరికి, అలా కొమ్మలుగా చెప్పుకుంటూ పోవడం.

నలభైమంది పిల్లలున్న ఒక తరగతిని తీసుకుందాం. క్లాసు టీచరు నలుగురు తల్లిదండ్రులకి ఫోన్ చేస్తుంది. ఆ నలుగురూ తలా ముగ్గురికి చేస్తే పన్నెండు ఇళ్ళు. ఆ పన్నెండుమందీ తలా ఇద్దరికి చేస్తే ఇరవై నాలుగు. మొత్తం నలభై ఇళ్ళూ అయిపోయాయి. ఒక్కో ఫోనుకి రెండు నిమిషాలు వేసుకున్నా పద్దెనిమిది నిమిషాల పని. టీచరు ఒక్కతే చేస్తే ఎనభై నిమిషాలు, అదీ ఏడ్చే పిల్లల్ని చూసుకుంటూ.

ఈ లెక్క చూసి మురిసిపోతే మునుగుతాం. పైకొమ్మలో ఒకావిడ స్నానానికి వెళ్ళిందనుకోండి, ఆమెతో కలిపి పది ఇళ్ళకి కబురు ఆగిపోతుంది. అందుకే మొదటి నియమం: రెండుసార్లు చేసినా ఎత్తకపోతే, ఆమె కింద ఉన్న ముగ్గురికీ పైవాళ్ళే చేయాలి. రెండో నియమం: కబురు కిందికి దిగితే చాలదు, తిరిగి పైకి రావాలి. పన్నెండుమందీ తమ పైవాళ్ళకి "నా ఇద్దరికీ చెప్పాను" అనాలి. ఆ నలుగురూ టీచరుకి "పదికి పది" అనో, "తొమ్మిదే, ఫలానా వాళ్ళు దొరకలేదు" అనో చెప్పాలి. ఆ దొరకని పేరు కోసమే ఈ చెట్టంతా. వాట్సాప్ గ్రూపు ఆ పేరు తనంతట తానుగా మనకి చెప్పదు.

మూడోది, మాట మారకూడదు. "పన్నెండున్నరకి వెనక గేటు దగ్గరికి రండి, ఆటోలు పంపడం లేదు" అన్న కబురు మూడు చెవులు దాటేసరికి "ఆటోలో పంపుతున్నారు" అయి కూర్చుంటుంది. అందుకని విన్నవాళ్ళు కాగితం మీద రాసుకుని తిరిగి చదివి వినిపించాలి. మన ఇళ్ళల్లో పచారీ కొట్టు చీటీకి చేసేదే ఇది.

ఇక నంబర్ల సంగతి. బడి రిజిస్టర్లో చాలామందికి నాన్న నంబరొక్కటే ఉంటుంది. ఆయన డ్యూటీలో ఉంటాడు, ఫోను లాకర్లో ఉంటుంది. ఇంట్లో ఉన్న అమ్మ నంబరు, పక్కింటి అత్తయ్యగారి నంబరు ఎవరూ అడగరు. ప్రతి బిడ్డకీ రెండు నంబర్లు కావాలి, అందులో ఒకటి పగలు ఇంట్లో ఉండే మనిషిది. ఆటో అన్న నంబరు కూడా చెట్టులో ఉండాలి. జూన్‌లో బడి తెరవగానే ఒకసారి, అక్టోబరు తుపాన్ల ముందు ఒకసారి ఉత్తుత్తి కబురు పంపి చూడాలి. మారిన నంబర్లు అప్పుడే బయటపడతాయి.

"ఆడవాళ్ళ నంబర్లు అందరికీ ఎలా ఇస్తాం" అని ఒక అభ్యంతరం ఉంది. అది నిజమైన భయమే, కొట్టిపారేయను. కానీ అందరికీ ఎందుకివ్వాలి? ఒక్కొక్కరి దగ్గర తన పైవాళ్ళ నంబరు, తన కిందివాళ్ళ నంబర్లు ఉంటే చాలు. పైవాళ్ళు ఎత్తకపోతే వాడే పూర్తి పట్టిక టీచరు దగ్గరా, ఆ నలుగురి దగ్గర తమ కొమ్మ వరకూ ఉంటుంది. ఇప్పటి వాట్సాప్ గ్రూపులో మన నంబరు అందరికీ కనిపిస్తూనే ఉంది, దానికి మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఫోన్ చెట్టు అన్నిటికీ సరిపోతుందని అనను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని తాకినప్పుడు టవర్లే పడిపోయాయి. అలాంటి రోజు ఏ చెట్టూ నిలవదు. అందుకే ముందే రాసిపెట్టుకోవాల్సిన మాట ఒకటుంది: కబురు అందిందని తేలని బిడ్డని గేటు దాటించకూడదు. మనిషి వచ్చేదాకా బడిలోనే, ఒక టీచరు తోడుగా.

ఫీజు కట్టే తేదీ దాటితే ఇదే బడి మూడుసార్లు ఫోన్ చేస్తుంది, ఎత్తేదాకా చేస్తుంది. ఆ పట్టుదల బిడ్డల కోసం కూడా చూపించమంటున్నాను, అంతే.