ఖాళీ అంటే సున్నా కాదు!

మార్కాపురం, గిద్దలూరు వైపు బోరు వేయాలంటే గుండె దిటవు చేసుకోవాలి. నీళ్లు అంత లోతున ఉంటాయి. ఆ లోతును కొలిచేవి భూగర్భ జల శాఖ ఫిజోమీటర్లు. అలాంటి లెక్కలు రాత్రిపూట కంప్యూటర్లోకి చేరాక, తెల్లారేసరికి మూడు వడపోతలు పట్టాలి.

మూడు బావులున్నాయనుకుందాం. ఒకదాని నీటిమట్టం 40 మీటర్ల లోతు, రెండోది 50. మూడోది కబురే పంపలేదు. సిగ్నల్ తడబడి రెండో బావి లెక్క రెండుసార్లు వచ్చింది. ఖాళీ గడిని కంప్యూటర్ సున్నాగా చదివిందా, సగటు 35! అసలు సగటు 45. సున్నా అంటే నీళ్లు నేలమట్టానికి వచ్చినట్టు. కాగితం మీద పది మీటర్ల నీళ్లు ఊరికే పైకొచ్చాయన్నమాట!

అందుకే ముందు బావి నంబరు, తేదీ, సమయం మూడూ కలిసిన జంట వరుసల్లో ఒకటే ఉంచాలి. ఖాళీని ఖాళీగానే వదలాలి. 60 మీటర్ల బావిలో 400 కనిపిస్తే చుక్క జారిపోయిందేమో చూడాలి. అనుమానపు అంకెను చెరిపేయకూడదు, గుర్తుపెట్టి పక్కనుంచాలి.

మరి 40కి బదులు 50 వస్తే? హద్దులోనే ఉంది కాబట్టి జల్లెడ దాటేస్తుంది. దాన్ని పట్టించేది నిన్నటి లెక్కే. ఒక్క రాత్రిలో పది మీటర్ల తేడా ఉంటే, బావి దగ్గరికెళ్లి టేపు వేసి చూడాల్సిందే!